రీల్ తర్వాత పాలెన్ని లీటర్లు?

2024 ఫిబ్రవరి చివర్లో బిల్ గేట్స్ హైదరాబాద్ వచ్చాడు. ఆ పర్యటనలో తీసిన ఒక చిన్న వీడియోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. అందులో ఆయన బండి దగ్గర నిలబడి ఒక టీ అడుగుతాడు. రంగు కళ్లద్దాలు పెట్టుకున్న కుర్రాడు పాలను ఎత్తు నుంచి ధారగా వంచి, విలాసంగా టీ కాచి ఇస్తాడు. అతను నాగ్‌పూర్ డాలీ చాయ్‌వాలా. తాను టీ ఇచ్చింది ఎవరికో అప్పుడు తెలియదనీ, నాగ్‌పూర్ తిరిగి వెళ్లాకే తెలిసిందనీ తర్వాత విలేఖరులతో చెప్పాడు. దక్షిణాది సినిమాలు చూసే ఆ విలాసం నేర్చుకున్నానని కూడా అన్నాడు.

ఆ వీడియో తర్వాత డాలీ జీవితం మారిపోయింది. కానీ మారింది టీ అమ్మకమేనా? ప్రారంభోత్సవాలకు పిలిచారు, విదేశాలకు పిలిచారు. 2025 జూలైలో తన పేరు మీద ఫ్రాంచైజీ ఇస్తానని ప్రకటించాడు. బండికి నాలుగున్నర నుంచి ఆరు లక్షలు, పెద్ద కెఫేకు 39 నుంచి 43 లక్షలు అన్నాడు. ఏడు రూపాయల టీతో పేరు తెచ్చుకున్న మనిషి అమ్ముతున్నది ఇప్పుడు ప్రధానంగా ఆ పేరునే. రీల్ అతన్ని ఒక వ్యాపారంలోంచి ఇంకో వ్యాపారంలోకి తీసుకెళ్లింది. ఇలాంటి అదృష్టం దేశం మొత్తం మీద ఏ ఒకరిద్దరికో దొరుకుతుంది. వీధి చివర టీకొట్టు నడిపేవాళ్లు తమ మొదటి రీల్ నుంచి ఏం ఆశించవచ్చో తెలియాలంటే డాలీని పక్కనపెట్టి మామూలు కొట్టు లెక్క చూడాలి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక టీకొట్టు ఉందనుకుందాం. కొట్టూ ఊహే, అంకెలూ ఊహే, కానీ టీ కాసేవాళ్లెవరికీ ఈ అంకెలు కొత్తగా అనిపించవు. రోజుకు పది లీటర్ల పాలు. మూడు లీటర్ల నీళ్లు కలిపితే, మరిగి ఆవిరి పోగా పన్నెండు లీటర్ల టీ మిగులుతుంది. 80 మిల్లీలీటర్ల గ్లాసుకు నూట యాభై టీలు. గ్లాసు పన్నెండు రూపాయలు, రోజుకు 1,800 వసూలు. పాలు, టీ పొడి, చక్కెర, గ్యాసు, కప్పులు కలిపి గ్లాసుకు దాదాపు ఏడు రూపాయల ముప్పై పైసలు పోతే, నాలుగు రూపాయల డెబ్భై పైసలు మిగులుతాయి. అంటే రోజుకు ఏడు వందల రూపాయలు. అందులోంచే అద్దె, కరెంటు, సాయంగా నిలబడే ఇంటి మనిషి కష్టం.

ఈ నూట యాభైలో సగం టీలు కొట్టు దగ్గర తాగేవి కావు. పదకొండు గంటలకు ఒకసారి, నాలుగు గంటలకు ఒకసారి ఫ్లాస్కుల్లో పోసుకుని లారీ షెడ్లకూ, వెల్డింగ్ షాపులకూ, స్పేర్‌పార్ట్స్ దుకాణాలకూ కుర్రాడు ఇచ్చి వస్తాడు. డబ్బులు వారానికో నెలకో ఖాతాలో కడతారు. వీళ్లు రీల్ చూసి వచ్చినవాళ్లు కారు, రీల్ లేదని మానేసేవాళ్లూ కారు. కొట్టును నిలబెట్టేది మాత్రం వీళ్లే.

ఇక రీల్. యజమాని కూతురు ఫోన్‌తో తీసింది. మొదట నాన్నను కొట్టు బోర్డు ముందు నిలబెట్టి, రండి రండి అనిపించి, కింద సినిమా పాట పెట్టింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బోర్డు చూసేసరికే జనం వేలు పైకి జరిపేస్తారు. రెండోసారి పద్ధతి మార్చింది. పొద్దున ఆరున్నరకు, చలిగాలిలో ఆవిరి చిక్కగా కనపడే వేళ, వెలుతురు గిన్నె వెనుక నుంచి పడేలా నిలబడి తీసింది. వెనుక ముదురు రంగు గోడ ఉండేలా చూసుకుంది, లేకపోతే ఆవిరి కెమెరాకు దొరకదు. మొదటి క్షణంలోనే పొంగు గిన్నె అంచుదాకా వచ్చి, గరిటె తగలగానే కిందికి దిగుతుంది. తర్వాత దంచిన అల్లం పడుతుంది, వడకట్టే గుడ్డ పిండుతారు, గ్లాసులోకి ధార దిగుతుంది. పాట లేదు. పొయ్యి చప్పుడు, గరిటె చప్పుడు, 'అన్నా రెండు' అన్న గిరాకీ గొంతు మాత్రమే. మొత్తం పద్దెనిమిది సెకన్లు.

పాట తీసేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. వ్యాపార ఖాతాలకు సినిమా పాటల్లో చాలా భాగం ఇన్‌స్టాగ్రామ్ అసలు అందుబాటులో ఉంచదు. వ్యాపారం కోసం వాడిన పాటకు హక్కుదారు అభ్యంతరం చెబితే వీడియో మూగదైపోవచ్చు, లేదా తీసేయవచ్చు. సొంత చప్పుడుకు ఆ భయం లేదు.

వీడియోలో రాతగా వేసింది మూడు ముక్కలే: పక్కనున్న పెట్రోలు బంకు గుర్తు, ధర, తెరిచి ఉండే వేళలు. రాతను తెర మధ్యకంటే కాస్త పైన వేసింది, ఎందుకంటే కింది భాగాన్ని ఖాతా పేరూ వివరణా కప్పేస్తాయి. పోస్టుకు ఊరి పేరుతో లొకేషన్ పెట్టింది. అన్నింటికంటే ముఖ్యమైన పని ఈ చివరిదే. టీ కోసం ఎవరూ పది కిలోమీటర్లు రారు. దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న తెలుగువాడు చూసి గుండె గుర్తు నొక్కితే సంతోషమే, కానీ గ్లాసు అమ్ముడుపోదు. లక్ష వ్యూలలో ఆటోనగర్ చుట్టుపక్కలవి ఎన్ని అన్నదే లెక్క.

ఎవరికి చూపించాలో యాప్ ఎలా తేల్చుకుంటుంది? ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో మూడు విషయాలను ముఖ్యంగా చెప్పాడు. ఎంతసేపు చూశారు, ఎందరు లైక్ కొట్టారు, ఎందరు ఇంకొకరికి పంపారు. మనల్ని ఫాలో కాని కొత్తవాళ్లకు చేరాలంటే ఈ పంపడానికి బరువు ఎక్కువ. టీకొట్టుకు ఇది కలిసొచ్చే విషయం. 'సాయంత్రం ఇక్కడికి పోదామా' అని స్నేహితుడికి పంపడానికి టీ రీల్ కంటే అనువైనది ఏముంటుంది? అందుకే గుర్తు, ధర, వేళ వీడియోలోనే ఉండాలి. పంపించుకున్న రీల్‌కు కింద రాసిన వివరణ ఎవరూ తెరిచి చదవరు.

రీల్ కాస్త తిరిగింది. శనివారం సాయంత్రం బైకులు ఆగడం మొదలైంది. ఇక్కడే చాలా కొట్లు దెబ్బతింటాయి.

ఒక పొయ్యి, ఒక గిన్నె. మూడు లీటర్ల పాలకు లీటరు నీళ్లు పోసి కాస్తే నలభై అయిదు గ్లాసులు వస్తాయి. ఒక కాపుకు ఇరవై నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో అరవై మంది వస్తే గిన్నె ఖాళీ అవుతుంది, జనం చూస్తూ నిలబడతారు. అప్పుడు యజమాని చేతికి తొందర వస్తుంది. మిగిలిన టీలో పాలు, నీళ్లు కలిపి పొడి పైన చల్లి పొంగు రాగానే దించేస్తాడు. పొడి సారం దిగకపోవడంతో టీ రంగు పల్చగా, రుచి పచ్చిగా ఉంటుంది. లేదా పాత పొడి మీదే మళ్లీ మళ్లీ మరిగించడంతో వగరు వస్తుంది. రీల్‌లో చిక్కటి టీ చూసి వచ్చిన మనిషి పల్చటి టీ తాగి ఫోటో పెడతాడు. ఇంకా పెద్ద నష్టం ఎవరికీ కనపడకుండా జరుగుతుంది. నాలుగు గంటల ఫ్లాస్కు నాలుగున్నరకు వెళుతుంది. వెల్డింగ్ షాపువాళ్లు రెండు రోజులు ఓపిక పడతారు, మూడో రోజు పక్క కొట్టుకు చెబుతారు.

మన కొట్టువాడు తెలివిగా ఒక పని చేశాడు. ఫ్లాస్కుల టీకి వేరే గిన్నె, వేరే పొయ్యి పెట్టి, ఆ రెండు వేళల్లో దాన్ని ఎవరికీ ముట్టనివ్వలేదు. కొట్టు దగ్గర గిన్నె ఖాళీ అయితే ఇరవై నిమిషాలు ఆగమని చెప్పాడు. ఆగనివాళ్లు పోయారు, ఆగినవాళ్లకు సరైన టీ దొరికింది.

మొదటి వారం పాలు పద్దెనిమిది లీటర్లకు పెరిగాయి. నెల తిరిగేసరికి పదమూడు దగ్గర ఆగాయి. రీల్ పనిచేసిందా లేదా అన్నది చెప్పేది ఈ పదమూడే. చూసి పోదామని వచ్చినవాళ్లు ఒకసారి వచ్చి పోతారు. ఇంటికో ఆఫీసుకో దారిలో కొట్టు ఉన్నవాళ్లే మిగులుతారు. పాల లెక్క నమ్మలేనివాళ్లు యూపీఐ యాప్ తెరిస్తే రోజుకు ఎన్ని చెల్లింపులు వచ్చాయో కనపడుతుంది. రీల్‌కు ముందు రెండు వారాలు, తర్వాత నాలుగు వారాలు నోటుపుస్తకంలో రాసుకుంటే వ్యూలతో పనిలేదు.

పదమూడు లీటర్లంటే రోజుకు నలభై అయిదు గ్లాసులు అదనం. గ్లాసుకు నాలుగు డెబ్భై చొప్పున 211 రూపాయలు, నెలకు ఆరు వేల మూడు వందలు. చిన్న కొట్టుకు ఇది మంచి సంపాదనే. కానీ ఇదే చూసి రోజుకు ఆరు వందల కూలితో మనిషిని పెట్టుకుంటే రోజుకు నాలుగు వందల దాకా ఎదురు పోతుంది. ఆ కూలి గిట్టాలంటే అదనంగా నూట ముప్పై గ్లాసులు అమ్మాలి. నలభై అయిదుకూ నూట ముప్పైకీ మధ్య ఉన్నప్పుడు పని పెరుగుతుంది, ఆదాయం పెరిగినట్టే ఉంటుంది, చేతిలో మాత్రం మిగలదు. మొదటి వారం రద్దీ చూసి మనిషినీ, రెండో కొట్టునూ పెట్టినవాళ్లు చిక్కుకునేది ఈ మధ్యలోనే.

డబ్బు తీసుకుని రీల్ చేసే ఫుడ్ ఇన్‌ఫ్లుయెన్సర్‌కూ ఇదే కొలత. పదిహేను వేలు అడిగాడనుకుందాం. అతని వల్ల నిలిచే గిరాకీ నలభై అయిదు గ్లాసులే అయితే డబ్బు తిరిగి రావడానికి డెబ్భై రోజులు దాటుతుంది. అలా డబ్బిచ్చి చేయించిన వీడియో ప్రకటన అని కనపడేలా రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాట రాయనని ఎవరైనా అంటే కొట్టువాడు వెనక్కి తగ్గడం మంచిది.

రద్దీ మరీ పెరిగితే ఏమవుతుందో హైదరాబాద్ చూసింది. మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ మాటలు రీల్స్‌లో మారుమోగాయి. జనం, యూట్యూబర్లు తరలిరావడంతో ట్రాఫిక్ ఆగిపోయింది. 2024 జనవరి ఆఖరులో పోలీసులు అక్కడ అమ్మకం ఆపించారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకున్నాక అదే చోట మళ్లీ పెట్టుకోనిచ్చారు.

టీకొట్లన్నింటికీ ముఖ్యమంత్రి రాడు. వాళ్లకు ఉన్న ఆసరా 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం. సర్వేలో పేరు ఎక్కించుకుని, టౌన్ వెండింగ్ కమిటీ ద్వారా సర్టిఫికెట్ తీసుకున్న వ్యాపారిని వేరే చోటికి మార్చాలన్నా, తీసేయాలన్నా స్థానిక సంస్థ ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ కాగితం, ఆహార భద్రత నమోదు పత్రం బండి మీద ఉన్నాయో లేదో రీల్ పెట్టే ముందే చూసుకోవాలి. జనం చూసే వీడియోను మున్సిపాలిటీ వాళ్లూ చూస్తారు. వెనకాల కాలువ పక్కన పెట్టిన పాల క్యాను, ఫుట్‌పాత్ మీదికి జరిగిన బల్ల ఆ పద్దెనిమిది సెకన్లలో వాళ్లకూ కనపడతాయి.