ఫీజు గడువు ముందు, ఓపెన్ డే తర్వాత

సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ప్రైవేటు బడుల అడ్మిషన్ ప్రకటనలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. తల్లిదండ్రుల కళ్లు ముందు ట్యూషన్ ఫీజు మీద పడతాయి. నా మటుకు నేను ముందు తేదీలు చూడమంటాను.

ఒకటో తరగతికి ఒక ప్రకటన ఇలా ఉందనుకుందాం. ఫిబ్రవరి 10లోగా సీటు ఖరారు చేసుకోవాలి, 22న ఓపెన్ డే. అంటే బడిని లోపలికి వెళ్లి చూడకముందే డబ్బు కట్టేయాలి. ఆ రోజు కట్టేది అడ్మిషన్ ఫీజు 10,000, డిపాజిట్ 5,000, మొదటి టర్మ్ ట్యూషన్ 16,000, మొత్తం 31,000 రూపాయలు. అడ్మిషన్ ఫీజు తిరిగి ఇవ్వబోమని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఓపెన్ డే నాడు బడి నచ్చకపోతే ఆ పది వేలు పోయినట్టే. మిగతా రెండింటి సంగతి ప్రకటనలో లేకపోతే కట్టకముందే రాతపూర్వకంగా అడగాలి.

ప్రకటనలో పెద్దగా వేసిన 48,000 కూడా ఏడాది ఖర్చు కాదు. అది మూడు టర్ముల ట్యూషన్ మాత్రమే. జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం 9,000 అవుతాయి. బస్సుకు ఏడాదికి 15,000. అడ్మిషన్, డిపాజిట్ కలిపితే మొదటి ఏడాది 87,000 దాకా వెళుతుంది. ఫీజు పెంచకపోతే రెండో ఏడాది 72,000. పిల్లల్ని పదో తరగతి దాకా అక్కడే చదివించాలనుకునేవాళ్లు ఈ రెండో అంకెను పట్టుకోవాలి.

ఓపెన్ డే నాడు గోడల నిండా చార్టులు, స్టేజీ మీద డాన్సులు ఉంటాయి. అవి చూస్తూనే ఆఫీసులోకి వెళ్లి గుర్తింపు ఉత్తర్వు చూపించమని అడగండి. అందులో ఏ తరగతి వరకు అనుమతి ఉందో, ఎప్పటి వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. ఏడో తరగతి వరకే అనుమతి ఉండి పదో తరగతి నడిపే బడులు ఉన్నాయి. అక్కడి పిల్లల చేత వేరే బడి పేరు మీద పరీక్ష రాయిస్తారు. టెన్త్ మెమోలో తాము చదవని బడి పేరు చూసుకున్నప్పుడు గానీ కొందరికి ఆ సంగతి తెలియదు. పదకొండు అంకెల యూడైస్ కోడ్ కూడా రాసుకోండి. బడి వివరాలు సరిచూసుకోవడానికి మండల విద్యాధికారి దగ్గర అది పనికొస్తుంది.

అదే రోజు ‘ఇంటరాక్షన్’ పేరుతో పిల్లవాడిని లెక్కలు అడిగి, తల్లిదండ్రుల చదువు, జీతం ఆరా తీసి సీటు తేల్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ అలాంటి వడపోతను నిషేధించింది. అతిక్రమిస్తే మొదటిసారి 25,000 రూపాయల వరకు జరిమానా. మైనారిటీ బడులకు మాత్రం ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఓపెన్ డే కన్నా ఫీజు గడువు ముందుంటే, మామూలు పనిరోజున ఒక గంట బడి చూడనివ్వమని అడగండి. పిల్లలు తరగతుల్లో ఉన్న వేళ సెక్షన్‌కు ఎంతమందో, మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయో లేదో తెలుస్తుంది. సాయంత్రం గేటు దగ్గర నిలబడితే బస్సులో ఎందరిని ఎక్కిస్తున్నారో కూడా కనిపిస్తుంది.