గాలివాన వస్తే డాబా మీది సోలార్‌కు పూచీ ఎవరిది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. అప్పట్లో ఆ నగరంలో డాబాల మీద కనిపించేవి ఎక్కువగా నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెనాలే. ఇప్పుడు వీధికి రెండు మూడు ఇళ్ల మీదైనా నీలి రంగు పలకలు మెరుస్తున్నాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల యూనిట్‌కు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తుండటంతో మధ్యతరగతి కుటుంబాలు ధైర్యంగా ముందుకొస్తున్నాయి. దాదాపు రెండు లక్షల రూపాయల సామాను, ఇంట్లోకెల్లా ఎత్తైన చోట, గాలికీ వానకూ పిడుగుకూ ఎదురుగా ఉంటోంది. దాన్ని బిగించే రోజున కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందని అడగనివాళ్లుండరు. ఇంటి బీమాలో దాన్ని చేర్చాలా అని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

చేర్చడానికి దారి ఉంది, అదీ సులువైనదే. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే పాలసీని ఒకే రకమైన షరతులతో అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అందులో ఇల్లు అంటే నాలుగు గోడలూ కప్పూ మాత్రమే కాదు. ప్రహరీ గోడ, గేటు, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకు, వాటితోపాటు సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటి కట్టడంలో భాగమేనని పాలసీ పత్రం పేరు పెట్టి మరీ చెబుతుంది. కాబట్టి ‘ప్యానెళ్లకు వేరే పాలసీ తీసుకోవాలేమో’ అన్న అనుమానం అక్కర్లేదు.

చిక్కంతా వాటి విలువ దగ్గర వస్తుంది. ఈ పాలసీలో ఇంటి బీమా మొత్తాన్ని కార్పెట్ ఏరియాను ఆ ఊళ్లోని నిర్మాణ ధరతో గుణించి లెక్కగడతారు. ఆ గుణింతంలో గోడలు, కప్పు, వైరింగు వస్తాయి తప్ప సోలార్ ఖరీదు రాదు. ప్రహరీ, సోలార్ లాంటి అదనపు కట్టడాల విలువను విడిగా చెప్పి కలపాలి. ఆ గడిని ఖాళీగా వదిలేస్తే, ప్యానెళ్లు ఎగిరిపోయిన రోజున వాటికి ఎంత ఇవ్వాలన్న దగ్గరే వాదన మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. విశాఖ మధురవాడలో వెయ్యి చదరపు అడుగుల కార్పెట్ ఏరియా ఉన్న ఇల్లు ఉందనుకుందాం. నిర్మాణ ధర చదరపు అడుగుకు 2,000 రూపాయలు వేసుకుంటే ఇంటి విలువ 20 లక్షలు అవుతుంది. స్థలం ధర ఇందులో కలవదు. తుపాను స్థలాన్ని ఎత్తుకుపోదు కదా. డాబా మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, ఇన్వర్టరు, స్టాండు, వైరింగు, కూలీ అన్నీ కలిపి బిల్లు 1,95,000 రూపాయలు అయింది. రాయితీ 78,000 రాగా ఇంటివాళ్ల చేతి నుంచి పడింది 1,17,000. పాలసీలో ఏ అంకె వేయించాలి? చాలామంది తమ జేబు నుంచి పెట్టిన 1,17,000 రాయిస్తారు. అది పొరపాటు. రాయితీ ఒక ఇంటికి ఒక్కసారే వస్తుంది. ఆరు ప్యానెళ్లూ పోయి మళ్లీ కొత్తవి పెట్టించాల్సి వస్తే బజారు ధర మొత్తం ఇంటివాళ్లే కట్టాలి. అందుకే 1,95,000 రూపాయలనే చూపించి, బీమా మొత్తాన్ని 21,95,000 చేయించుకోవాలి. లేకపోతే మొత్తం పోయిన రోజున సరిగ్గా ఆ 78,000 తక్కువ పడుతుంది.

పాలసీ ముందే ఉండి, సోలార్ తరవాత పెట్టించినవాళ్లు కొత్త పాలసీ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇంటికి చేర్పులు, మార్పులు చేసినప్పుడు కంపెనీకి తెలియజేయాలన్నది పాలసీ షరతుల్లోనే ఉంది. ఒక ఉత్తరమో ఈమెయిలో రాసి, దానికి బిల్లు, ప్యానెళ్ల వెనక స్టిక్కరు మీదుండే సీరియల్ నంబర్లు, నెట్ మీటరు బిగించిన తేదీ, నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు జతచేస్తే చాలు. మిగిలిన కాలానికి అయ్యే అదనపు ప్రీమియం తీసుకుని కంపెనీ ‘ఎండార్స్‌మెంట్’ అనే కాగితం ఇస్తుంది. అది చేతికొచ్చాక అందులో సోలార్ అన్న మాట, దాని పక్కన అంకె ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఏజెంటు ఫోన్లో ‘అన్నీ వస్తాయండీ’ అన్న మాట క్లెయిము వేళ పనికిరాదు. గృహరుణం ఉన్నవాళ్లు బ్యాంకు తీయించిన పాలసీని ఒకసారి బయటకు తీసి చదవడం మంచిది. రుణం ఇచ్చిన నాటి విలువే అందులో ఉంటుంది, ఆ తరవాత పెట్టించిన సోలార్ ఉండదు.

ఇక ఏ వాతావరణ నష్టానికి డబ్బు వస్తుందన్నది. తుపాను, గాలివాన, వరద, నీట మునక, పిడుగు, కొండచరియలు విరిగిపడటం, చెట్టులాంటి బయటి వస్తువు వచ్చి తగలడం అన్నీ పాలసీలో ఉన్నాయి. కోస్తాలో అన్నింటికన్నా పెద్ద భయం గాలి. దాని బలం ఎంతో ఒక మోటు లెక్క వేస్తే అర్థమవుతుంది. 540 వాట్ల ప్యానెల్ వైశాల్యం దాదాపు రెండున్నర చదరపు మీటర్లు, బరువు 28 కిలోల దాకా ఉంటుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలి ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 150 కిలోల ఒత్తిడి తెస్తుంది. అంటే ఒక్కో ప్యానెల్ మీద దాదాపు 400 కిలోలు. వాలుగా పెట్టిన పలక కింద నుంచి గాలి దూరితే ఆ బలం దాన్ని గొడుగులా పైకి లేపుతుంది. అప్పుడు ప్యానెల్‌ను పట్టి ఉంచేది దాని బరువు కాదు, అంచున ఉన్న నాలుగు క్లాంపులూ, స్లాబులోకి దిగిన బోల్టులూ.

గాలి భారాల గురించి చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికీ విజయవాడకూ ప్రాథమిక వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు. ఆ 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లే. స్టాండును ఆ వేగానికి తగ్గట్టు డిజైన్ చేశామని బిగించిన సంస్థ నుంచి కాగితం తీసుకుని దాచుకున్నవాళ్లకు క్లెయిము నాడు పని తేలికవుతుంది. ఎందుకంటే సర్వేయరు విరిగిన బోల్టును చేతిలోకి తీసుకుని చూస్తాడు. మెరిసే లోహం తెగి ఉంటే గాలి పని. ముందే తుప్పు పట్టి సగం తినేసి ఉంటే గొడవ మొదలవుతుంది. తుప్పు, అరుగుదల బీమా చూసుకునే ప్రమాదాలు కావు. సముద్రం దగ్గరి ఇళ్లలో ఏడాదికోసారైనా, తుపానుల కాలం మొదలవకముందే, స్పానరు పట్టుకుని ప్రతి నట్టునూ బిగించి చూపించమని మెకానిక్‌ను అడగాలి. స్టాండు కాళ్ల దగ్గర గోధుమరంగు చారలు కనిపిస్తే అవి తుప్పు నీళ్లే.

తెలంగాణలో భయం వడగళ్లది. 2023 మార్చిలో వికారాబాద్ ప్రాంతంలో నేలంతా మంచు పరిచినట్టు వడగళ్లు పడ్డాయి. ప్యానెళ్లకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసే పరీక్షలో 25 మిల్లీమీటర్ల మంచు గోళీని సెకనుకు 23 మీటర్ల వేగంతో గాజు మీద కొడతారు. ఉసిరికాయంత వడగల్లుకు తట్టుకుంటుందన్నమాట; నిమ్మకాయంతది పడితే ఆ హామీ లేదు. పాలసీలో ‘వడగళ్లు’ అన్న మాట విడిగా లేదు. గాలివాన, బయటి వస్తువు తాకిడి అన్న రెండు అంశాల కింద దాన్ని అడగాలి. అందుకే వడగళ్ల ప్రాంతంలో ఉన్నవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకు పాలసీ తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా జవాబు తీసుకుంటే మేలు. వడగళ్లతో ఇంకో కష్టం ఏమిటంటే గాజు పగలకపోయినా లోపలి సెల్స్‌లో కంటికి కనిపించని చీలికలు రావచ్చు. ఇన్వర్టరు యాప్‌లో రోజువారీ ఉత్పత్తి చూస్తే తెలుస్తుంది. ఎండ బాగా ఉన్నా వానకు ముందు వారంకన్నా ఉత్పత్తి స్పష్టంగా పడిపోతే థర్మల్ కెమెరాతో తనిఖీ చేయించాలి. దెబ్బతిన్న సెల్ మిగతావాటికన్నా వేడిగా కనిపిస్తుంది. ఆ ఫొటో, యాప్‌లోని అంకెలు క్లెయిముకు సాక్ష్యాలవుతాయి.

అందరూ తడబడేది పిడుగు దగ్గర. పిడుగు పాలసీలో ఉంది. కానీ అదే పాలసీలోని మినహాయింపుల్లో మరో వాక్యం ఉంది: విద్యుత్ పరికరం షార్ట్ సర్క్యూట్ వల్లో, అధిక పీడనం వల్లో, లోపలే వేడెక్కి కాలిపోవడం వల్లో పాడైతే, దానికి కారణం పిడుగైనా సరే, ఆ పరికరానికి డబ్బు ఇవ్వరు. ఇది ఆ ఒక్క పరికరానికే వర్తిస్తుంది. పిడుగు నేరుగా ప్యానెల్ మీద పడి పగలగొడితే క్లెయిము నిలబడుతుంది. అరకిలోమీటరు దూరంలో పడ్డ పిడుగు వైర్ల గుండా ఇన్వర్టరులోకి వచ్చి దాని బోర్డును మాడ్చేస్తే, కంపెనీ ఈ వాక్యాన్ని చూపిస్తుంది. ఆ ఇన్వర్టరు నుంచి మంటలు లేచి గది కాలితే గదికి డబ్బు వస్తుంది, ఇన్వర్టరుకు రాదు. మొత్తం యూనిట్‌లో ఖరీదైన వస్తువుల్లో ఇన్వర్టరు ఒకటి కాబట్టి విద్యుత్ పరికరాల పాడుకు అదనపు కవర్ దొరుకుతుందేమో కంపెనీని అడగాలి. దొరకకపోతే కాపాడేది డాబా మీది ఎర్తింగే. పిడుగు వాహకానికి, ప్యానెళ్ల వైపు డీసీ లైనుకు, ఇంటి వైపు ఏసీ లైనుకు వేర్వేరు ఎర్త్ పిట్లు ఉండాలి. చిన్న ప్లాస్టిక్ పెట్టెలో సర్జ్ ప్రొటెక్షన్ పరికరం ఉంటుంది. చాలావాటికి చిన్న కిటికీ ఉండి, అందులో ఆకుపచ్చ పోయి ఎరుపు కనిపిస్తే దాని ఆయుష్షు అయిపోయినట్టు. ఉరుముల వాన పడిన మర్నాడు ఆ పెట్టె తెరిచి ఒకసారి చూడాలి.

ఈ పాలసీ పరిధిలో లేనివి ఇంకొన్ని ఉన్నాయి. ప్యానెళ్లు బాగయ్యేదాకా ఆగిపోయిన కరెంటు తాలూకు నష్టం రాదు. ఊరికే ఎవరో రాత్రిపూట విప్పుకుపోతే రాదు. తుపానులాంటి బీమా ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోగా, దాని కారణంగా జరిగిన దొంగతనానికే వస్తుంది. మన ప్యానెల్ ఎగిరి పక్కింటివాళ్ల కారు అద్దం పగలగొడితే, ఆ కారుకయ్యే ఖర్చు కూడా ఇందులో లేదు.

నష్టం జరిగాక చేసే పనుల్లో మొదటిది ప్రాణరక్షణ. పగిలిన ప్యానెల్ కూడా వెలుతురు ఉన్నంతసేపూ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. వరసగా కలిపిన ఆరు ప్యానెళ్ల దగ్గర సుమారు 300 వోల్టుల డీసీ ఉండొచ్చు. కాబట్టి తడి డాబా మీదికి ఎక్కకుండా, కిందనుంచే ఇన్వర్టరు దగ్గరి ఏసీ, డీసీ స్విచ్చులు ఆపేయాలి. ఆ తరవాత దూరం నుంచి ఫొటోలు తీసి అదే రోజు కంపెనీకి తెలియజేయాలి. సర్వేయరు చూసేదాకా ముక్కలు పారేయకూడదు, సీరియల్ నంబరు స్టిక్కర్లు అసలే పారేయకూడదు. ఆ రోజు గాలి వేగం గురించి వాతావరణ శాఖ ఇచ్చిన బులెటిన్‌ను దాచుకుంటే ఉపయోగపడుతుంది. శిథిలాలు తీసేయడానికి అయ్యే ఖర్చును క్లెయిము మొత్తంలో రెండు శాతం దాకా ఇదే పాలసీ ఇస్తుంది. ఆ కూలీ రసీదు కూడా జతచేయాలి.

కంపెనీ క్లెయిమును తోసిపుచ్చితే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణవాళ్లు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఎండార్స్‌మెంటు కాగితం, బిల్లు, ఫొటోలు, కంపెనీతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు ఒక ఫైల్లో ఉంటే ఆ ఫిర్యాదు ఒక్క రోజులో తయారవుతుంది.