ఆడిట్ రిపోర్టు నుంచి నోటీసుబోర్డు దాకా

క్వాలిటీ ఆడిట్ ముగిశాక ప్లాంటుకు చేరే రిపోర్టులో చాలా పేజీలు ఏయే విభాగాలు చూశారు, ఎవరితో మాట్లాడారు, ఏవేవి బాగున్నాయి అన్న సంగతులతోనే నిండిపోతాయి. మెషీన్ల దగ్గర పనిచేసే సూపర్‌వైజర్‌కు అవన్నీ అక్కర్లేదు. ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది, ఎప్పటిలోగా సరిచేయాలి అన్నది తెలిస్తే చాలు. ఈ మూడింటినీ ఒక పేజీలోకి దించే పని చాలాచోట్ల క్వాలిటీ విభాగంలో కొత్తగా చేరిన ఇంజినీరు నెత్తిన పడుతుంది. గుమాస్తా పనే కదా అనిపిస్తుంది. కానీ ఈ ఒక్క పేజీలో మాట జారితే నెలల తరబడి పని తప్పుదారిన నడుస్తుంది.

ఉదాహరణకు షాఫ్ట్‌లు తయారుచేసే ఒక మెషీన్ షాపునే తీసుకుందాం. జూన్ 12న ముగిసిన ఆడిట్‌లో ఒక మైనర్ నాన్‌కన్ఫర్మిటీ పడింది. దాన్నే షాపులో అందరూ ఎన్‌సీ అంటారు. రెండో లైనులో వాడుతున్న ఎం-17 అనే మైక్రోమీటర్ మీది స్టిక్కర్‌పై కాలిబ్రేషన్ గడువు మార్చి 31తో ముగిసిందని ఆడిటర్ రాశాడు. ఐఎస్ఓ 9001 ప్రమాణంలో కొలత పరికరాల గురించి చెప్పే 7.1.5.2 క్లాజును ఎత్తిచూపాడు. దీన్ని సంగ్రహంలో చాలామంది ‘కాలిబ్రేషన్ లోపం’ అని రెండు మాటల్లో తేల్చేస్తారు. అది చదివిన సూపర్‌వైజర్ ఏ పరికరం తీసి పక్కన పెట్టాలి? ఎన్‌సీ అంటే నియమం, దొరికిన ఆధారం, ఈ రెంటికీ పొసగని చోటు. ఎంత కుదించినా పరికరం నంబరు, లైను, తేదీ మాత్రం పోకూడదు.

కారణం దగ్గరే అసలు తిరకాసు. సర్టిఫికేషన్ ఆడిట్‌లో ఆడిటర్ రాసేది లోపాన్ని మాత్రమే. మూలకారణం వెతికి రాసి పంపాల్సింది ప్లాంటు. మన ఉదాహరణలో ప్లాంటు పంపిన జవాబు ‘సిబ్బంది అజాగ్రత్త’. సంగ్రహం రాసేవాళ్లు దీన్ని ఆడిటర్ తేల్చిన మాటలా రాయకూడదు, తమకు తోచినట్టు దిద్దనూ కూడదు. ‘ప్లాంటు చెప్పిన కారణం’ అన్న శీర్షిక కింద ఉన్నది ఉన్నట్టు పెట్టి, పక్కన ‘ఆధారం జతచేయలేదు’ అని రాస్తే సరిపోతుంది. అలా రాస్తేనే ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు.

అడిగితే ఇంకో కథ బయటపడుతుంది. ఆ మైక్రోమీటర్‌ను ప్రొడక్షన్ వాళ్లు అత్యవసరమని నేరుగా కొనిపించారు. అమ్మినవాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్, స్టిక్కర్ దానితోపాటే వచ్చాయి గానీ క్వాలిటీ వాళ్ల మాస్టర్ లిస్టులోకి అది ఎక్కనే లేదు. గడువు దగ్గరపడిందని గుర్తుచేసే షీటు లిస్టులో ఉన్నవాటికే పనిచేస్తుంది. ఇక ఆపరేటర్‌కు ఎన్ని క్లాసులు పీకినా ఏం లాభం? ఆఫీసుల్లో మాత్రం శిక్షణ హాజరుపట్టీ జతచేసి ఎన్‌సీ క్లోజ్ చేయడమంత తేలిక పని ఇంకోటి లేదు.

చేసిన పనిని కూడా రెండుగా విడదీసి రాయాలి. ఎం-17ను లైను నుంచి తీసి కాలిబ్రేషన్‌కు పంపడం అప్పటికప్పుడు చేసే సవరణ. స్టోర్స్‌లో రసీదు వేసేముందే ప్రతి కొలత పరికరానికీ లిస్టు నంబరు ఇవ్వడం మళ్లీ జరగకుండా తీసుకునే చర్య. మిగతా లైన్లలోనూ ఇలా లిస్టుకెక్కనివి ఉన్నాయేమో వెతకాలని 10.2 క్లాజు అడుగుతుంది. చాలా సంగ్రహాల్లో ఎగిరిపోయేది ఈ మాటే. ఇంకోటి: గడువు దాటినంత మాత్రాన పరికరం తప్పు చూపినట్టు కాదు. ల్యాబులో దాన్ని సర్దకముందు తీసిన రీడింగులు హద్దు దాటి ఉంటే మాత్రం, అంతవరకు దానితో కొలిచిన షాఫ్ట్‌ల మాటేమిటో తేల్చాలి. కాబట్టి ఆ ఫలితం కోసం కూడా పేజీలో ఒక గడి ఉండాలి.

గడువు అని ఒకే తేదీ వేస్తే గందరగోళమే. ఈ ఆడిట్‌లో కారణం, ప్రణాళిక పంపడానికి 30 రోజులు, ఆధారాలు చూపడానికి 90 రోజులు ఇచ్చారనుకుందాం. అంటే జూలై 12, సెప్టెంబర్ 10. ఈ గడువులు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థను బట్టి, మేజరా మైనరా అన్నదాన్ని బట్టి మారతాయి. అందుకే పాత పేజీ నుంచి ఎక్కించకుండా ఈ రిపోర్టులోంచే తీసుకోవాలి. పని పూర్తికి ప్లాంటు సొంత తేదీ మాత్రం ఇంకా ముందుండాలి. స్టోర్స్ కొత్త పద్ధతి జూలై 20న మొదలైతేనే ఆగస్టు అంతా వచ్చిన పరికరాలు లిస్టులోకి ఎక్కాయో లేదో చూపే రికార్డు చేతికొస్తుంది. సెప్టెంబర్ మొదటి వారంలో మొదలుపెడితే చూపడానికి కొత్త ఫారం తప్ప ఏమీ ఉండదు.

బాధ్యుల గడిలో ‘క్వాలిటీ, స్టోర్స్’ అని రెండు విభాగాలు రాస్తే ఇద్దరూ అవతలివాళ్ల వైపే చూస్తారు. అక్కడ ఒక్క మనిషి పేరే ఉండాలి. ఈ ఎన్‌సీకి అది స్టోర్స్ ఇన్‌ఛార్జి పేరు.