పంగిడి నల్లరాయి, రీయూనియన్ నిప్పు

గోదావరికి పడమటి గట్టున, కొవ్వూరు దగ్గరి పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కోసం పగలగొట్టే నల్లరాయి పుట్టుక ఆ ఊళ్లది కాకపోవచ్చు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నేల చీలి లావా పొంగింది. అప్పటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చి ఇక్కడ గడ్డకట్టిందని చాలామంది భూశాస్త్రవేత్తలు భావిస్తున్నారు. రాతి వయసు, రసాయన కూర్పు అక్కడివాటితో సరిపోలడమే వారికి ఆధారం. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి చేలకింద ఉన్నదీ ఆ కాలపు బసాల్టే. ఈ లావా పొరలన్నిటినీ కలిపి దక్కన్ ట్రాప్స్ అంటారు.

అంత లావా కక్కిన నిప్పు ఇప్పుడెక్కడుంది? మహారాష్ట్ర కింద లేదు. ముంబయికి నైరుతిగా దాదాపు అయిదు వేల కిలోమీటర్ల దూరంలో, మడగాస్కర్‌కు తూర్పున రీయూనియన్ అనే చిన్న ఫ్రెంచి దీవి ఉంది. అక్కడ పిటాన్ డి లా ఫోర్నేజ్ అనే అగ్నిపర్వతం చాలా ఏళ్లలో ఒక్కసారైనా లావా చిమ్ముతుంది. దక్కన్‌ను ముంచెత్తిన నిప్పు దీని కింద ఉన్నదేనని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇన్ని కోట్ల ఏళ్లలో ఆ నిప్పు పెద్దగా జరగలేదు, దానిమీది నేలే జరిగిపోయింది.

ఈ ఆలోచనకు మూలం హవాయి దీవులు. అవి ఒక వరుసలో ఉండటం, వరుస వెంట వెళ్లేకొద్దీ వయసు పెరగడం చూసి కెనడా శాస్త్రవేత్త టూజో విల్సన్ 1963లో ఒక వివరణ ఇచ్చాడు. భూమి లోతుల్లో స్థిరంగా ఒక వేడిచోటు ఉంటుంది, పైన భూఫలకం కదులుతూ పోతుంది, చోటు మారినప్పుడల్లా కొత్త అగ్నిపర్వతం లేస్తుంది. ఆ వేడి, మాంటిల్ అడుగునుంచి నిలువుగా పైకి లేచే వేడిరాతి ప్రవాహం వల్ల వస్తుందని 1971లో జేసన్ మోర్గన్ ప్రతిపాదించాడు. దానికే మాంటిల్ ప్లూమ్ అని పేరు. అందులోని రాయి చాలామటుకు ఘనస్థితిలోనే ఉండి, ఏళ్లకేళ్లు మెల్లగా సాగుతూ లేస్తుంది. ఉపరితలం దగ్గరికి వచ్చాక ఒత్తిడి తగ్గి కొంత భాగం కరుగుతుంది. అలా కరిగినదే లావాగా బయటపడుతుంది.

దర్జీ కుట్టుమిషన్‌లో సూది ఒకేచోట పైకీ కిందికీ ఆడుతుంది, బట్ట జరుగుతుంది. బట్టను వేగంగా లాగితే కుట్లు ఎడంగా పడతాయి, మెల్లగా లాగితే దగ్గరగా పడతాయి. రీయూనియన్ నిప్పు వేసిన కుట్లు హిందూ మహాసముద్రం పటంలో ఇప్పటికీ కనిపిస్తాయి. పశ్చిమ తీరం నుంచి లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ దాదాపు ఒకే నిలువు గీతలో దక్షిణానికి దిగుతాయి. అక్కడ గీత తెగిపోతుంది. మళ్లీ నైరుతి దిక్కున సాయా డి మాల్హా, నజరెత్ అనే నీటిలో మునిగిన మిట్టల దగ్గర మొదలై, మారిషస్ మీదుగా రీయూనియన్ చేరుతుంది. తెలుగు మూలాలున్న కుటుంబాలు తరాలుగా బతుకుతున్న మారిషస్ నేల కూడా ఈ వరుసలోదే.

మాల్దీవుల్లో పైకి కనిపించేది పగడపు సున్నపురాయే, లావా కాదు. నిప్పుకు దూరమైన కొద్దీ సముద్రపు నేల చల్లబడి కుంగుతుంది, దానితోపాటే అగ్నిపర్వతమూ మునుగుతుంది. మునిగే శిఖరంమీద పగడాలు పేరుకుంటూ పోతాయి. కాబట్టి అసలు రాయి కావాలంటే సముద్రం అడుగున తవ్వాల్సిందే.

ఆ పని 1987లో జరిగింది. జాయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన నౌక మారిషస్‌లోని పోర్ట్ లూయీలో బయలుదేరి, ఈ గీత వెంట పలుచోట్ల తవ్వుకుంటూ కొలంబో చేరింది. మాల్దీవుల తూర్పు అంచున, 5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర దొరికిన బసాల్ట్ వయసు సుమారు 5.7 కోట్ల ఏళ్లు. చాగోస్‌కు ఉత్తరాన, 4 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర దొరికినది సుమారు 4.9 కోట్ల ఏళ్లది. రెంటి మధ్య దూరం వెయ్యి కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, వయసు తేడా 80 లక్షల ఏళ్లు. అంటే భారత ఫలకం ఆ రోజుల్లో ఏడాదికి 12, 13 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి పరుగు తీసింది. ఫలకాల లెక్కలో అది చాలా వేగం. ఆసియాను ఢీకొట్టడం మొదలయ్యాక ఆ వేగం బాగా తగ్గిపోయింది.

ఇక గీత రెండో ముక్క చూడాలి. నజరెత్ మిట్ట అంచున తవ్విన బసాల్ట్‌కు సుమారు 3.3 కోట్ల ఏళ్లు. అక్కడినుంచి నేటి రీయూనియన్‌కు ఉన్న దూరమూ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకే. ఇక్కడ లెక్క ఏడాదికి మూడు సెంటీమీటర్ల చిల్లరకు పడిపోతుంది. ఇంచుమించు అంతే దూరం, కాలం మాత్రం నాలుగు రెట్లు. కారణం, ఈ కుట్లు పడింది భారత ఫలకం మీద కాదు, మెల్లగా కదిలే ఆఫ్రికా ఫలకం మీద. ఈ రెండు ఫలకాల మధ్య సముద్రగర్భంలో ఒక పర్వతశ్రేణి ఉంది. అక్కడ నేల చీలి కొత్త నేల పుడుతూ ఉంటుంది. ఒక దశలో ఆ శ్రేణి మెల్లగా జరుగుతూ నిప్పుమీదుగా దాటిపోయింది. దాంతో నిప్పు భారత ఫలకాన్ని వదిలి ఆఫ్రికా ఫలకం కిందికి వచ్చింది. ఆ తర్వాత శ్రేణి దగ్గర పుట్టిన కొత్త నేల చాగోస్‌నూ నజరెత్‌నూ ఎడంగా నెట్టేసింది. గీత తెగినట్టు కనిపించడం అందువల్లే.

అయితే ఈ లెక్కంతా రాళ్ల వయసుల మీదే నిలబడి ఉంది, పొరపాటుకు చోటూ అక్కడే. రాతిలోని పొటాషియంలో ఒక రకం నెమ్మదిగా ఆర్గాన్ వాయువుగా మారుతుంది. పోగైన ఆర్గాన్‌ను కొలిచి వయసు కడతారు. కోట్ల ఏళ్లు ఉప్పునీటిలో నానిన రాయి బయటి పొటాషియం పీల్చుకుంటుంది, ఉన్న ఆర్గాన్ కొంత పోగొట్టుకుంటుంది. అప్పుడు లెక్క తప్పుతుంది. అందుకే రాయిని అంచెలంచెలుగా వేడిచేసి, ఒక్కో అంచెలో వెలువడే వాయువును విడిగా కొలుస్తారు. అన్ని అంచెల్లోనూ ఒకే వయసు వస్తే నమ్ముతారు, చెదిరితే ఆ రాయిని పక్కన పెడతారు.

మారిషస్‌ది ఇంకో చిక్కు. ఆ దీవి పాత లావా 90 లక్షల ఏళ్ల కిందటిదైతే, చాలాచోట్ల దాన్ని కప్పేసిన పైలావా పది లక్షల ఏళ్లు కూడా నిండనిది. నిప్పును దాటి వెళ్లాక కూడా అగ్నిపర్వతాలు మధ్యమధ్య మళ్లీ మేల్కొంటాయి. పైరాయి ఏరుకుని లెక్క కడితే ఫలకం వేగం అడ్డగోలుగా వస్తుంది.

ఇంతకీ నిప్పు నిజంగా స్థిరంగా ఉందా? లావా చల్లబడేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి అయస్కాంత క్షేత్రం వాలును పట్టుకుని ఉండిపోతాయి. వాలును బట్టి అక్షాంశం తెలుస్తుంది. దక్కన్ లావాలు సుమారు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర గడ్డకట్టాయని ఆ కొలత చెబుతుంది. రీయూనియన్ ఉన్నది 21 డిగ్రీల దగ్గర. ఈ తొమ్మిది డిగ్రీల తేడాలో ఎంత ప్లూమ్ జరగడం వల్ల వచ్చింది, ఎంత భూమి మొత్తంగా తన అక్షం మీద ఒరగడం వల్ల వచ్చింది అన్నది చర్చలోనే ఉంది. హవాయి వరుసలోని పాత కొండలను 2001లో తవ్వినప్పుడూ ఇలాంటి తేడాయే బయటపడింది. అక్కడి ప్లూమ్ ఒకప్పుడు దక్షిణానికి గణనీయంగా జరిగిందని తేలింది. కాబట్టి స్థిరమంటే కదలనిదని అర్థం చేసుకోకూడదు. ఫలకాలకన్నా చాలా నెమ్మదైనదని మాత్రమే.

ఆ ప్లూమ్ ఆకారాన్ని చూడటానికి 2012లో ఫ్రాన్స్, జర్మనీ శాస్త్రజ్ఞులు రీయూనియన్ చుట్టూ సముద్రం అడుగున 57 భూకంప మాపకాలు దించారు. ఆ కొలతలతో 2021లో వెలువడిన చిత్రంలో రీయూనియన్ కింద నిటారు గొట్టం కనబడలేదు. కొమ్మలు చాచిన చెట్టులాంటి ఆకారం, దాని మొదలు దక్షిణాఫ్రికా కింద, 2,900 కిలోమీటర్ల లోతున భూకేంద్రపు అంచు దగ్గర కనిపించాయి.