బొమ్మలో ఉన్నది పాలపిట్టేనా? దసరా కార్డులు తయారుచేసే ముందు

దసరా పాఠానికి మనం పాలపిట్ట బొమ్మ వాడతాం. ఊళ్లో పెరిగిన పిల్లలైతే పండగనాడు పొలాల వైపు వెళ్లి కరెంటు తీగ మీద దాన్ని చూస్తారు. అల్ తుమామాలో పెరిగే మన పిల్లలకు ఆ వీలు లేదు. మనం కార్డు మీద ఏ పక్షిని చూపిస్తే అదే వాళ్లకు పాలపిట్ట. అయితే ఫోన్లలో తిరిగే దసరా శుభాకాంక్షల్లో తరచుగా కనిపించే పక్షి మనది కాదు, ఆఫ్రికాది. అందుకే బొమ్మ ప్రింట్ తీసే ముందు ఏం చూడాలో, ఎప్పుడు "చెప్పలేం" అనాలో తెలుసుకోవడం అవసరం.

ముందు మూడు పక్షులను గుర్తు పెట్టుకోండి. మొదటిది మన పాలపిట్ట, ఇంగ్లీషులో ఇండియన్ రోలర్. ఇది తెలంగాణ రాష్ట్ర పక్షి. దీని ఛాతీ గులాబీ ఛాయ కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, గొంతు మీదా ఛాతీ పైభాగం మీదా సన్నటి తెల్ల గీతలు ఉంటాయి. పొట్ట లేత నీలం, తోక చివర తిన్నగా ఉంటుంది. రెండోది ఆఫ్రికాలో ఉండే లైలాక్ బ్రెస్టెడ్ రోలర్. దీని ఛాతీ ఊదా రంగు, తోకకు రెండు పక్కలా దారాల్లాంటి పొడవాటి ఈకలు వేలాడతాయి. మూడోది యూరోపియన్ రోలర్. దీని తల, ఛాతీ, పొట్ట అన్నీ లేత నీలమే, వీపు ఇటుక రంగు. ఇది వలస వెళ్తూ ఖతార్ మీదుగా ప్రయాణిస్తుంది, కాబట్టి పిల్లలు ఇక్కడే తీసిన ఫోటోలో కూడా ఉండొచ్చు.

అంటే మనకు ఆధారాలు మూడు: తోక, గొంతు గీతలు, ఛాతీ రంగు. మన చేతికొచ్చే బొమ్మల్లో ఒక్కో రకం ఒక్కో ఆధారాన్ని చెరిపేస్తుంది.

క్రాప్ చేసిన బొమ్మలో తోక పోతుంది

శుభాకాంక్షల బొమ్మలు తయారుచేసేవాళ్లు పక్షి ముఖం, ఛాతీ పెద్దగా కనిపించాలని కింది భాగం కత్తిరిస్తారు. దాంతో ఆఫ్రికా పక్షిని పట్టించే తోక ఈకలు పోతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పొడవాటి ఈకలు కనిపిస్తే అది మన పాలపిట్ట కాదని గట్టిగా చెప్పొచ్చు. కనిపించకపోతే మాత్రం పాలపిట్టే అనడానికి లేదు. ఈకలు ఫ్రేము బయట ఉండిపోయి ఉండొచ్చు, రాలిపోయి ఉండొచ్చు, లేదా అది ఇంకా ఈకలు ఎదగని పిల్లపక్షి అయి ఉండొచ్చు. కాబట్టి బొమ్మ చూడగానే మొదటి ప్రశ్న "తోక చివర ఫ్రేములో ఉందా?" అన్నదే.

స్క్రీన్‌షాట్‌ను జూమ్ చేస్తే గీతలు పోతాయి

ఒక లెక్క వేసి చూద్దాం. పాలపిట్ట పొడవు ముక్కు నుంచి తోక దాకా ఇంచుమించు 32 సెంటీమీటర్లు. 4000 పిక్సెల్‌ల వెడల్పున్న ఫోటోలో పక్షి ఎనిమిదో వంతు ఆక్రమించిందనుకోండి. అంటే పక్షికి 500 పిక్సెల్‌లు. ఒక్కో పిక్సెల్‌కు 0.64 మిల్లీమీటర్లు వస్తుంది. గొంతు మీద సన్న గీత కూడా దొరుకుతుంది.

ఆ ఫోటోను మెసేజ్‌లో పంపితే 1600 పిక్సెల్‌లకు తగ్గిందనుకుందాం. పక్షికి మిగిలినవి 200. అందుకున్నవాళ్లు 1080 పిక్సెల్‌ల వెడల్పున్న ఫోన్ తెర మీద స్క్రీన్‌షాట్ తీశారు. ఇప్పుడు పక్షికి 135 పిక్సెల్‌లే. ఒక్కో పిక్సెల్‌కు దాదాపు 2.4 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు వెడల్పున్న తెల్ల గీత, దాని పక్కన ఉన్న గోధుమ రంగు ఒకే గడిలో కలిసిపోతాయి. గొంతు నున్నగా కనిపిస్తుంది.

దీన్ని మనం కార్డు నిండా పెద్దది చేస్తే గడులు పెద్దవవుతాయి గానీ గీతలు తిరిగి రావు. షార్ప్‌నెస్ పెంచితే ఇంకో చిక్కు. అంచుల వెంట లేని తెల్ల గీతలు పుట్టుకొస్తాయి. వాటిని గొంతు గీతలనుకుంటే మోసపోతాం. తేడా తెలుసుకోవడానికి పక్షి కూర్చున్న కొమ్మ చూడండి. కొమ్మ అంచునా అలాంటి తెల్ల గీతే ఉంటే అది పక్షిది కాదు, బొమ్మది.

జేపెగ్ పద్ధతిలో బొమ్మను దాచేటప్పుడు వెలుగునీడలకంటే రంగుల వివరాలను ఎక్కువగా తగ్గిస్తారు. అందుకే ఛాతీ రంగు, పొట్ట నీలం కలిసే చోట ఒకదాని రంగు ఇంకోదాని మీదికి కారినట్టు ఉంటుంది. గోధుమ రంగు అంచు అక్కడ ఊదాగా కనిపించొచ్చు. రంగు చూడాలంటే అంచున కాదు, ఛాతీ మధ్యలో చూడండి.

పాత ప్రింట్‌లో రంగు పోతుంది

గోడకు వేలాడిన పాత చార్టు గానీ క్యాలెండర్ గానీ ఎండ వెలుగుకు పాలిపోతే సాధారణంగా ముందు పసుపు, గులాబీ సిరాలు పోతాయి, నీలం నిలుస్తుంది. దాంతో మన పాలపిట్ట గోధుమ ఛాతీ లేత నీలంగా మారి యూరోపియన్ రోలర్‌లా కనిపిస్తుంది. ఆల్బమ్‌లో దాచిన 1970ల నాటి కలర్ ఫోటోల్లో తరచుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. నీలం పోయి అంతా ఎర్రబారుతుంది. అందుకని స్కాన్ చేసేటప్పుడు పక్షిని మాత్రమే కాకుండా కాగితం తెల్ల అంచును, పక్కనున్న ఆకులను, మనుషులను కూడా కలిపి స్కాన్ చేయండి. ఆకు నీలంగా, మనిషి ముఖం పాలిపోయి ఉంటే పక్షి రంగును కూడా నమ్మొద్దు.

ఇంకా పాతవైన చెక్కుడు ముద్రల్లో రంగును ఒక్కో ప్రతికీ చేత్తో వేసేవారు. ఒకే పుస్తకం రెండు ప్రతుల్లో ఒకే పక్షి వేరే ఛాయల్లో ఉండేది. పాలపిట్టకు 1758లో లిన్నేయస్ శాస్త్రీయ నామం పెట్టింది కూడా 1731లో ఎలియాజర్ ఆల్బిన్ ప్రచురించిన బొమ్మ, వర్ణన ఆధారంగానే. అలాంటి బొమ్మల్లో రంగు కంటే ఆకారాన్ని, కింద రాసిన పేరును ముందు చూడాలి.

ఒక బొమ్మను తేల్చి చూద్దాం

మీకు ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. నడుము దాకానే ఉంది, పక్షికి వంద పిక్సెల్‌లకు మించి లేవు, ఛాతీ ఊదాకీ గోధుమకీ మధ్యలో ఉంది. వెనకున్న ఆకులు మామూలు పచ్చగా ఉన్నాయి కాబట్టి రంగు మరీ చెడిపోలేదు. ఛాతీ నీలం కాదు గనుక పెద్ద యూరోపియన్ రోలర్‌ను పక్కన పెట్టొచ్చు. దాని పిల్లపక్షిని మాత్రం పెట్టలేం, ఎందుకంటే వాటి ఛాతీ మీద గోధుమ ఛాయ ఉంటుంది. తోక లేదు గనుక ఆఫ్రికా పక్షినీ తీసేయలేం. ఈ బొమ్మకు సరైన జవాబు "రోలర్ జాతి పక్షి, ఏదో చెప్పలేం" అన్నదే.

అప్పుడు పంపినవాళ్లను "అన్నా, ఇది ఎవరు తీశారు? అసలు ఫోటోను డాక్యుమెంట్‌గా పంపగలరా?" అని అడగండి. డాక్యుమెంట్‌గా పంపితే ఫోటో పరిమాణం తగ్గదు, తీసిన తేదీ కూడా సాధారణంగా అందులోనే ఉంటుంది. స్క్రీన్‌షాట్‌లో ఉండేది స్క్రీన్‌షాట్ తీసిన తేదీ మాత్రమే. ఏ దేశంలో తీశారో తెలిస్తే సగం పని అయినట్టే. కెన్యా అడవిలో తీసినదైతే మన పాలపిట్ట కాదు.

కార్డు వెనక మూడు మాటలు రాయండి: ఫోటో ఎక్కడిది, బొమ్మలో ఏ ఆధారం కనిపిస్తోంది, ఏది పోయింది. ఆ మూడూ రాయలేని బొమ్మ మీద "పాలపిట్ట" అని పేరు వేయొద్దు. దాన్ని పెద్ద పిల్లల తరగతికి ఇచ్చి, ఏది పోయిందో వాళ్లనే కనుక్కోమనండి.