చేప బరువుకు ఘనమూలం తీస్తే

చేప పెరుగుదలకు ఆస్ట్రియా జీవశాస్త్రవేత్త లుడ్విగ్ ఫాన్ బెర్టలాన్ఫీ ఒక సమీకరణం ఇచ్చాడు. ఒంట్లో కొత్త కండ చేరడం శరీర ఉపరితలాన్ని బట్టి, కరగడం మొత్తం బరువును బట్టి జరుగుతాయని ఆయన భావన. ఉపరితలం బరువుకు 2/3 ఘాతంలా పెరుగుతుంది. బరువు W గ్రాములు, కాలం t ఏళ్లు అనుకుని, లెక్కకు అనువైన అంకెలు వేస్తే:

dW/dt = 6W^(2/3) − 0.6W

ఆ 2/3 ఘాతం లేకపోతే ఇది ఏకఘాత సమీకరణమే, సులువుగా తేలిపోయేది. ఇలాంటి సమీకరణాన్ని 1695లో యాకబ్ బెర్నౌలీ గణితజ్ఞుల ముందుంచాడు. మరుసటి ఏడాదే లైబ్నిజ్ దారి చూపాడు: ఘాతం n అయితే, తెలియని రాశికి 1−n ఘాతం వేసి, దాన్నే కొత్త చలరాశిగా తీసుకోవాలి.

ఇక్కడ 1 − 2/3 = 1/3. కాబట్టి u = W^(1/3), అంటే బరువుకు ఘనమూలం. చేప ఆకారం మారకుండా పెరిగితే దాని పొడవు కూడా ఈ u లాగే పెరుగుతుంది. అందుకే ఈ ప్రతిక్షేపణ నాకు ఎంతో ఇష్టం. బరువు భాషలో చిక్కుగా కనిపించినది పొడవు భాషలో సూటిగా ఉంది.

u ని అవకలనం చేస్తే du/dt = (1/3)W^(−2/3) · dW/dt. పై సమీకరణాన్ని ఇందులో పెడితే ఘాతాలు వాటంతటవే పోతాయి:

du/dt = 2 − 0.2u

విద్యార్థులు ఎక్కువగా మరిచిపోయేది ఆ 1/3 నే. మరిచిపోతే 2, 0.2 బదులు 6, 0.6 వస్తాయి. గరిష్ఠ బరువు రెండు లెక్కల్లోనూ ఒకటే కాబట్టి తప్పు కంటపడదు. చేప మాత్రం మూడు రెట్ల వేగంతో పెరిగినట్టు తేలుతుంది. జవాబును మొదటి సమీకరణంలో వేసి చూస్తేనే అది బయటపడుతుంది.

చేపపిల్ల 1 గ్రాముతో మొదలైతే u కూడా 1. అప్పుడు u = 10 − 9e^(−0.2t). బరువు కావాలంటే దీన్ని ఘనం చేయాలి. ఐదేళ్లకు u సుమారు 6.69, బరువు దాదాపు 300 గ్రాములు. పదేళ్లకు 677. ఎంతకాలం బతికినా 1000 దాటదు. పొడవు పెరిగే వేగం మొదటి రోజు నుంచే తగ్గుతూ వస్తుంది. బరువు మాత్రం ఐదో ఏడు దగ్గర అన్నిటికన్నా వేగంగా పెరుగుతుంది.

ఒక జాగ్రత్త. W^(2/3) తో భాగించాం కనుక W = 0 అనే సాధన చేజారింది. దాన్ని విడిగా రాసుకోవాలి.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. కుడివైపు ఒక స్థిరాంకం అదనంగా చేరిందంటే, ఉదాహరణకు రోగం వల్ల ఏటా ఇంత బరువు పోతుందనుకుంటే, కొత్త సమీకరణంలో u^(−2) మిగిలిపోతుంది. అది ఇక ఏకఘాతం కాదు. ఒక పదంలో W, ఇంకో పదంలో W కి ఒక ఘాతం, ఈ రెండే ఉన్నప్పుడు మాత్రమే లైబ్నిజ్ ప్రతిక్షేపణ పనిచేస్తుంది.