‘చూద్దాం’ అన్నారు, ఏమని రాయాలి?

ఇన్వెస్టర్లతో నెలవారీ కాల్ అయిపోయింది. ల్యాప్‌టాప్ మూస్తూనే ఫౌండర్లలో ఒకరు, “బ్రిడ్జ్ రౌండ్‌కి సర్ ఒప్పుకున్నట్టే కదా!” అన్నారు. రెండోవారు తల అడ్డంగా ఊపారు. “ఎక్కడ ఒప్పుకున్నారు? అవసరమైతే చూద్దాం అన్నారంతే.” ఇద్దరూ విన్నది ఒకే కాల్, అవే 45 నిమిషాలు.

స్టార్టప్‌లో డబ్బు పెట్టినవారికి కంపెనీ నెలకో, మూడు నెలలకో ఒకసారి పరిస్థితి వివరిస్తుంది. ఆ కాల్‌లో లెక్కలు చెబుతారు, సాయం అడుగుతారు, గడువులు ఒప్పుకుంటారు. మాటలన్నీ కలగాపులగంగా వస్తాయి. ఫోన్ పెట్టేశాక వాటిలోంచి మూడు జాబితాలు తీయాలి: ఎవరు ఎవరిని ఏం అడిగారు, ఎవరు ఏం చేస్తామన్నారు, కంపెనీ చేరాల్సిన తర్వాతి మజిలీ ఏది. ఇలా తీయడానికి తెలుగులో క్రియాపదమే మంచి ఆనవాలు.

“పంపిస్తాను” అన్న మాటకు మనిషి ఉన్నాడు. అది హామీ. “పంపిద్దాం” అన్నప్పుడు ఆ మనిషి ‘మనం’లో కలిసిపోతాడు. ఎవరు పంపాలో తేలే వరకు దాన్ని హామీల కింద రాయకూడదు. “పంపిస్తే బాగుంటుంది” అన్నది సలహా కావచ్చు, మర్యాదగా అడిగిన కోరిక కావచ్చు. ఏదో అక్కడికక్కడే అడిగి తేల్చుకోవాలి. ఇక “చూద్దాం” అన్న మాట గొంతునుబట్టి ఒప్పుకోలు, వాయిదా, నిరాకరణ మూడూ అవుతుంది. రాసుకునేవారికి గొంతు సాక్ష్యం కాదు.

ఒక కంపెనీని ఊహించుకుందాం. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్లు బిగించి, నెలవారీ రుసుము తీసుకుంటుంది. మార్చి 31 నాటికి బ్యాంకులో 1.62 కోట్లు ఉన్నాయి. రాబడి పోగా నెలకు 18 లక్షలు ఖర్చవుతోంది. అంటే తొమ్మిది నెలల ఊపిరి, డిసెంబరు నెలాఖరు వరకు. ఏప్రిల్ రెండో వారంలో కాల్ జరిగింది. ఇద్దరు ఫౌండర్లు, హైదరాబాద్ నుంచి ఒక ఏంజెల్ ఇన్వెస్టర్, బెంగళూరు ఫండ్ తరఫున ఒకరు ఉన్నారు.

ఫౌండర్ ఉత్సాహంగా, “ఇప్పుడు 12 కోల్డ్ స్టోరేజీల్లో ఉన్నాం. జూన్‌కల్లా 20 చేస్తాం” అన్నారు. వినడానికి చక్కటి హామీ. రాయబోతే చిక్కు బయటపడుతుంది. సెన్సర్లు బిగించింది 12 చోట్లయినా డబ్బు కడుతున్నవి ఏడే. మిగతా ఐదూ ఉచిత ప్రయోగాలు. ఫౌండర్ మనసులో 20 అంటే బిగించినవి, ఫండ్ ప్రతినిధి విన్నది డబ్బు కట్టేవి. ఒకరి లెక్కన ఇంకా ఎనిమిది కావాలి, మరొకరి లెక్కన పదమూడు. ఈ తేడా ఏప్రిల్‌లోనే దొరికితే ఒక ప్రశ్నతో తీరుతుంది. జూలైలో దొరికితే మాట తప్పారన్న అనుమానంగా మారుతుంది.

అందుకే నోట్సు రాస్తున్న రెండో ఫౌండర్ ఆపి అడిగారు: “సర్, 20 అంటే బిల్లు కట్టేవే రాసుకోమంటారా?” కాసేపు చర్చించి సంఖ్య తగ్గించుకున్నారు. మజిలీ చివరికి ఇలా కుదిరింది: ‘జూన్ 30 నాటికి 15 కోల్డ్ స్టోరేజీలు, ఒక్కొక్కటీ వరుసగా రెండు నెలల బిల్లు చెల్లించి ఉండాలి. రుజువు: బ్యాంకు జమలు.’ రెండు నెలల బిల్లు అన్న షరతుతో ఇంకో విషయం కూడా తేలింది. కొత్త ఎనిమిదింటితో మే మొదటికే ఒప్పందాలు కుదరాలి.

అడిగే మాటకూ ఇంతే కచ్చితత్వం కావాలి. “సేల్స్‌కి మంచి మనిషి ఎవరైనా తెలిస్తే చెప్పండి సర్” అంటే అవతలివారు సరేనంటారు, ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. రికార్డులోకి వెళ్లేటప్పుడు అది ‘గుంటూరు, ఖమ్మం కోల్డ్ స్టోరేజీ యజమానులతో పరిచయమున్న సేల్స్ మేనేజర్ కావాలి. ఇద్దరు అభ్యర్థులను ఏప్రిల్ 25లోగా పరిచయం చేయాలని ఏంజెల్‌ను కోరాం’ అయింది. ఆయన ఒక్కరు చాలన్నారు. ఒక్కరనే రాశారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా రాయాల్సింది డబ్బు మాట. రెండు పెద్ద పెట్టుబడుల మధ్య కంపెనీ నిలదొక్కుకోవడానికి తీసుకునే చిన్న మొత్తమే బ్రిడ్జ్. “అవసరమైతే బ్రిడ్జ్‌లో మేమూ ఉంటాం” అని ఫండ్ ప్రతినిధి అన్నారనుకుందాం. ఎంత, ఏ విలువ మీద, ఏ షరతుతో అన్నది లేదు. పైగా ఫండ్‌లో పెట్టుబడి నిర్ణయం సాధారణంగా ఒక కమిటీ ఆమోదంతో జరుగుతుంది, కాల్‌లో ఉన్నవారు ఒక్కరే తేల్చేది కాదు. కనుక ఇది హామీల జాబితాలోకి వెళ్లదు. ‘ఆసక్తి చూపారు. మొత్తం, షరతులు చర్చకు రాలేదు. కమిటీ ముందు పెట్టడానికి ఏ పత్రాలు కావాలో ఏప్రిల్ 20లోగా చెబుతామన్నారు’ అని రాయాలి. ఇందులో హామీ ఏదైనా ఉంటే ఆ చివరి వాక్యమే. ఆసక్తిని హామీగా రాసుకున్న ఫౌండర్ దాన్నే కొత్త ఇన్వెస్టర్‌కు చెబుతాడు. ఆయన ఫండ్‌కు ఫోన్ చేసి కనుక్కుంటే కంపెనీ మాటకే విలువ పోతుంది.

పని జరిగే తీరు కష్టమైనదేమీ కాదు. మాట్లాడే ఫౌండర్ రాయకూడదు, రెండోవారు రాయాలి. రికార్డింగ్ పెడితే ముందే అందరి అనుమతి తీసుకోవాలి. చివరి ఐదు నిమిషాలు చర్చ ఆపి, రాసుకున్నది చదివి వినిపించాలి. పొరపాట్లు ఎక్కువగా బయటపడేది అప్పుడే. మర్నాటికల్లా మెయిల్ వెళ్లాలి. అందులో ప్రతి వరుసకూ నాలుగు గడులు: ఎవరు, ఏమిటి, ఎప్పటికి, అయిందని ఎలా తెలుస్తుంది. సందేహమున్న చోట అన్న మాటను యథాతథంగా పక్కన పెట్టాలి. ‘తప్పుంటే రెండు రోజుల్లో దిద్దండి’ అని అడగాలి.

అయితే జవాబు రాకపోవడాన్ని అన్నిటికీ ఒప్పుకోలుగా తీసుకోలేం. కొత్త వాటాల జారీ, పెద్ద అప్పు వంటి వాటికి ఇన్వెస్టర్ల రాతపూర్వక ఆమోదం తప్పనిసరని వాటాదారుల ఒప్పందాల్లో తరచుగా ఉంటుంది. ఈ మెయిల్ దానికి బదులు కాదు. బోర్డు మినిట్స్ కూడా కాదు. బోర్డు సమావేశాల మినిట్స్‌కు 2013 కంపెనీల చట్టం 118వ సెక్షన్ కింద వేరే పద్ధతి ఉంది. కాల్‌లో అలాంటి అంశం వస్తే ‘బోర్డు ముందుకు తీసుకెళ్లాలి’ అని మాత్రమే రాయాలి.

తర్వాతి కాల్ ఈ పట్టికతోనే మొదలవుతుంది. గడువు మారితే పాత తేదీని చెరపకుండా పక్కన కొత్తది రాస్తారు. ఒకే వరుస మూడు కాల్స్ వరకు జరుగుతూ వస్తే, బాధ్యుడిని మార్చడమో ఆ అంశాన్ని మూసేయడమో చేయాలి.

మన ఊహా కంపెనీ మే కాల్‌లో సేల్స్ మేనేజర్ వరుస పూర్తయింది, పరిచయమైన అభ్యర్థి గుంటూరులో చేరారు. కోల్డ్ స్టోరేజీలలో కొత్తగా ఒప్పందాలు చేసుకున్నవి ఎనిమిదికి ఐదే. కమిటీ పత్రాల వరుస ఖాళీగా ఉంది. దాన్ని చదవగానే ఫండ్ ప్రతినిధి, “ఈ శుక్రవారం పంపిస్తాను” అన్నారు. రెండో ఫౌండర్ ఏప్రిల్ 20 పక్కనే ఆ శుక్రవారం తేదీ వేసుకున్నారు.